చెప్పిన మాట విన్నాను కదా

నా చెల్లెలు జ్వరంతో పోయినప్పుడు దాని కూతురికి ఏడాది నిండలేదు. దాని మొగుడు, మా మరిది, కుప్పంలో చింతపండు మండీలో పని చేసేవాడు. ఒంటరివాడు పసిబిడ్డను ఎట్లా సాకుతాడు? పుంగనూరికి తెచ్చి నా ఒళ్ళో పెట్టి పోయినాడు. మాకు పిల్లలు లేరు. దానికి మాటలు రాగానే నన్నే అమ్మా అని పిలిచింది.

నాలుగేళ్ళు దాటేసరికి ఇంట్లో మాకు మనశ్శాంతి లేకుండా పోయింది. గౌను వేసుకోమంటే వేసుకోనంటుంది. తినమంటే సంగటి పళ్ళెం తోసేస్తుంది. ఏది చెప్పినా "నేను సెయ్యను పో" అనే మాటే. తనే బొమ్మ విరగ్గొట్టి పక్కింటి పిల్ల విరగ్గొట్టిందనేది. నేను అరిచేదాన్ని. మా ఆయన విసుగెత్తి రెండు వేసేవాడు. అది ఊరంతా వినపడేట్టు ఏడిస్తే మా అత్త బెల్లం ముక్క నోట్లో పెట్టేది. బళ్ళో అయ్యవారు ఇంకొన్నాళ్ళు ఇంట్లోనే పెట్టుకోమని పంపించేశాడు.

అప్పటికింకా మా వీధికి టీవీ రాలేదు. మదనపల్లె ఆస్పత్రికి బెంగుళూరు నుంచి నెలకోసారి ఒక డాక్టరమ్మ వస్తుందనీ, ఇట్లాంటి పిల్లల్ని చూస్తుందనీ ఎవరో చెబితే పోయినాం. మందు రాసిస్తుందనుకున్నాను. ఆమె మమ్మల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, బిడ్డతో ఆడుకోమని చెప్పి, ఒక పక్కన కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత మాతో నెమ్మదిగా చెప్పింది.

"ఈ బిడ్డకు మీరు ఎప్పుడు కనిపిస్తారో గమనించినారా? అరిస్తే కనిపిస్తారు. ఊరికే కూర్చుని ఆడుకుంటే కనిపించరు. నేను నేర్పించేది పాపకు కాదమ్మా, మీకు."

నాకు ముందు రోషం వచ్చింది. కానీ ఆమె మాటలో నింద లేదు. కొందరు పిల్లలు పుట్టుకతోనే మొండిగా ఉంటారు, వాళ్ళను పెంచడానికి వేరే పద్ధతి కావాలి, అంతే అని చెప్పింది.

ఆ పద్ధతి వినడానికి సులువే. రోజూ కాసేపు బిడ్డ ఏం ఆడమంటే అది ఆడాలి. ఆ సేపు ఒక్క ఆజ్ఞ కూడా వెయ్యకూడదు. మంచి పని చేసిన వెంటనే, ఏం చేసిందో చెప్పి మెచ్చుకోవాలి. "మంచి పిల్లవి" అంటే చాలదు, "చెప్పగానే చెప్పులు లోపల పెట్టినావే" అనాలి. సణుగుడు, మారాం, ఎదురుమాటలు పట్టించుకోకూడదు. ముఖం తిప్పుకుని మన పని మనం చేసుకోవాలి, ఆపగానే మళ్ళీ పలకరించాలి. దెబ్బ తగిలినా, భయపడినా, నిజంగా దుఃఖంతో ఏడ్చినా మాత్రం ఎప్పుడూ ముఖం తిప్పుకోకూడదని గట్టిగా చెప్పింది. బిడ్డ ఎవరినైనా కొట్టినా, కావాలని మాట వినకపోయినా ఒకసారి హెచ్చరించాలి. అప్పటికీ వినకపోతే మూల పీట మీద కాసేపు కూర్చోబెట్టాలి. లేచాక అదే పని మళ్ళీ చెయ్యమనాలి. అరవకూడదు, కొట్టకూడదు. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి.

ముందు ఇంకా ఎక్కువవుతుందని కూడా డాక్టరమ్మ చెప్పింది. అట్లానే అయింది. ఒకనాడు సాయంత్రం అంగట్లో చూసిన రిబ్బను కావాలని నేల మీద పడి దొర్లింది. నేను రాగిపిండి జల్లిస్తూ కూర్చున్నాను. దాని వైపు చూడలేదు. మా అత్త బెల్లం తెచ్చింది. ఇప్పుడిస్తే ఇంత ఏడిస్తేనే దొరుకుతుందని నేర్చుకుంటుందని ఆమెను బతిమాలినాను. ఆమె నన్ను రాతిగుండె దానా అని తిట్టింది, కానీ బెల్లం తీసుకుపోయి డబ్బాలో పెట్టేసింది. చాలాసేపటికి బిడ్డ తనంతట తనే లేచి, ముక్కు తుడుచుకుని వచ్చి జల్లెడ పట్టుకుంది. "నీ అంతట నువ్వే ఏడుపు ఆపినావే" అన్నాను. అది నా వంక విచిత్రంగా చూసింది.

కొన్ని నెలలకు ఇంట్లో నవ్వులు వినిపించినాయి. మొండితనం పూర్తిగా పోలేదు, కానీ పీట అవసరం తగ్గింది. అయ్యవారు మళ్ళీ బళ్ళో చేర్చుకున్నాడు. మా అత్త కూడా "పళ్ళెం కడిగి పెట్టిందే నా తల్లి" అని మెచ్చుకోవడం నేర్చుకుంది.

అప్పటికి మా మరిది మళ్ళీ పెళ్ళి చేసుకుని ఏడాది అయింది. బిడ్డను తీసుకుపోతానని వచ్చినాడు. తప్పు పట్టడానికి ఏముంది, కన్నతండ్రి. మా ఆయన నాకు నచ్చజెప్పినాడు. నేను ఒప్పుకున్నాను.

పోయే రోజు పొద్దున బిడ్డ పిలవకముందే లేచింది. గౌను వేసుకోమనగానే వేసుకుంది. పళ్ళెంలో మెతుకు మిగల్చకుండా తినింది. జడ వేస్తుంటే కదలకుండా కూర్చుంది. వాళ్ళ నాయన సంచి చేతికి తీసుకోగానే నా వైపు తిరిగి అడిగింది.

"అమ్మా, నువ్వు సెప్పిన మాటంతా ఇన్నాను గదా. ఎందుకు పంపిస్తాండావు?"

పొద్దుటి నుంచి అది అంత బుద్ధిగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది. దాన్ని దగ్గరికి తీసుకుని, ఇది శిక్ష కాదు, నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు, మీ నాయన నీ కోసం వచ్చినాడని చెప్పినాను. ఎన్నిసార్లు చెప్పినా దాని ముఖంలో నమ్మకం కనిపించలేదు. ఏడవకుండా పోయింది. ఏడ్చి ఉంటే నాకు బాగుండేది.

ఆ తర్వాత రెండు నెలలకేమో మా మరిది ఒక్కడే వచ్చి వసారాలో కూలబడినాడు. "వదినా, ఆయమ్మ కొడతాది, బిడ్డ కరుస్తాది. నాకేం సెయ్యాలో తెలీడం లేదు" అన్నాడు. తిరిగి తెచ్చేసుకుందామని నా నోటి చివరిదాకా వచ్చింది. మళ్ళీ ఇల్లు మార్చితే, మాట వినకపోతే ఇంకో ఇంటికి పంపించేస్తారని బిడ్డ అనుకోదా? మా ఆయనను తోడు తీసుకుని ముందు మదనపల్లెకు పోయి డాక్టరమ్మను అడిగినాను. బిడ్డ ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు నేర్చుకోవాలి అని ఆమె చెప్పింది. మా మరిది కొత్త పెళ్ళాం నిండు నెలల గర్భిణి, మదనపల్లె దాకా రాలేదు. నువ్వే పోయి నేర్పించు, వచ్చే నెల నాకు చెప్పు అనింది.

కుప్పానికి పోయినాను. ఆ అమ్మాయికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. నన్ను చూసి తిడతాననుకుని తల వంచుకుంది. నేను ఆమె పక్కన కూర్చుని, నన్ను డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పినట్టే అన్నీ చెప్పినాను. ముందు బిడ్డతో ఆడుకోమన్నాను. సిగ్గుపడుతూ చింతగింజలతో ఆడింది.

మూడో రోజు బిడ్డ చెంబు విసిరికొట్టింది. ఆ అమ్మాయి నా వైపు చూసి, గొంతు పెంచకుండా హెచ్చరించింది. బిడ్డ ఇంకో గ్లాసు విసిరింది. పీట మీద కూర్చోమనగానే పరుగెత్తి వచ్చి నా మోకాళ్ళు పట్టుకుంది. "అమ్మా, నువ్వు సెప్పు" అనింది.

నేను ఎత్తుకుంటే ఆ అమ్మాయి మాటకు ఆ ఇంట్లో ఇక విలువుండదు. దాని వేళ్ళు నెమ్మదిగా విడదీసి, "మీ అమ్మ సెప్పింది గదా, పోయి కూర్చో" అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

అది నన్ను చూస్తూ వెనక్కి నడిచి పీట మీద కూర్చుంది. కాసేపటికి ఏడుపు ఆగింది. ఆ అమ్మాయి పిలిచి చెంబూ గ్లాసూ తియ్యమంటే తీసింది. "సెప్పగానే తీసినావమ్మా" అని ఆమె బిడ్డ తల నిమిరింది. బిడ్డ ఆమె చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకుంది.

నెలకోసారి పోయి వచ్చేదాన్ని. ఆ అమ్మాయికి కొడుకు పుట్టినాక కూడా రోజూ కాసేపు బిడ్డతో ఆడుకోవడం మానలేదు. ఒకసారి నేను బస్సుకు బయల్దేరుతుంటే బిడ్డ గడప దాకా వచ్చింది.

"పొయ్యిరా పెద్దమ్మా" అనింది.

ఎవరూ నేర్పినట్టు లేదు. ఆ ఇంట్లో అమ్మ ఎవరో దానికి తెలిసింది, అంతే. అట్లాగే వస్తానని చెప్పి రోడ్డెక్కినాను.

ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకింది. బిడ్డ ఎట్లుండాదని మా అత్త అడిగింది. బాగుండాది అత్తా అన్నాను. ఆమె నా ముఖం చూసి, కాళ్ళు కడుక్కోమని నీళ్ళు ఇచ్చింది.