డెలివరీ బిల్లుకు ఉదయగిరి సాక్షి

ఉత్తరంలో ‘మాక్’, అంటే నమూనా, అనే మాట వద్దన్నది నేనే. ఆ మాట కనిపిస్తే పిలిచినవాళ్ళు పిల్లల ఆటే కదా అని రారు. పత్రికలో పనిచేసిన ఏళ్ళలో శీర్షిక పెట్టడం ఒక్కటే నాకు గట్టిగా పట్టుబడిన విద్య, దాన్ని ఇక్కడ కూడా వాడాను.

ఆత్మకూరులోని ఒక డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం చెప్పే మేడమ్ నన్ను పిలిపించారు. డెలివరీ ప్లాట్‌ఫాంలను నియంత్రించే ముసాయిదా బిల్లు ఒకటి విద్యార్థులు తయారుచేశారు. శాసనసభ సెలెక్ట్ కమిటీలాగా తొమ్మిది మంది కూర్చుని, నిపుణులను పిలిచి ప్రశ్నించి, తర్వాత క్లాజు వారీగా చర్చించి నివేదిక ఇస్తారు. సెమిస్టరు మార్కులు దీనికే. నేను చాలాకాలం శాసనసభ వార్తలు రాశాను కాబట్టి పద్ధతులు చెప్పమన్నారు. రెండే చెప్పాను. సాక్షిని ప్రశ్నలు అడగాలి, ఉపన్యాసం ఇవ్వకూడదు. చర్చ మొదలైతే బయటివాళ్ళెవరూ గదిలో ఉండకూడదు, నేనైనా సరే.

ఉత్తరం కూడా నేనే చూసి పంపించాను. పైన ‘సెలెక్ట్ కమిటీ’, కింద ‘బిల్లుపై సాక్ష్యం ఇచ్చుటకు హాజరు కావలసినదిగా కోరడమైనది’, చివర వేదికగా కళాశాల పేరు, బిల్లు నకలు జత. చూడముచ్చటగా ఉంది.

సాక్షులు ముగ్గురు. ఆత్మకూరు కోర్టులో ప్రాక్టీసు చేసే లాయరు, ఒక యాప్ కంపెనీకి ఊళ్ళో భోజనాలు చేరవేసే కుర్రవాడు, ఉదయగిరి నుంచి ఒక నలభై ఏళ్ళ ఆవిడ. ఆమెకు యాప్ లేదు. ఫోను, వాట్సాప్ గ్రూపు, మూడు బండ్లు, వాటిమీద ముగ్గురు మనుషులు. కొండ చుట్టుపక్కల పల్లెలకు మందులు, టిఫిన్లు, పచారీ సరుకులు పంపుతుంది. ఊరంతా అక్క అంటారట.

అక్క పొద్దున మొదటి బస్సుకే వచ్చింది. చేతిలో గుడ్డసంచి, అందులో ముగ్గురి లైసెన్సుల జిరాక్సులు, బండ్ల కాగితాలు, తన ఆధార్. ఆ కాగితాలన్నీ ఎందుకు తెచ్చిందో అప్పుడే ఆలోచించి ఉంటే బాగుండేది.

లాయరు గారు ముందు మాట్లాడారు. ఒకటి రెండు రాష్ట్రాలు ఇటువంటి చట్టాలు చేశాయని, వాటిలో కార్మికుల సంక్షేమ బోర్డు, ప్రతి డెలివరీ మీద కంపెనీ కట్టాల్సిన రుసుము ఉంటాయని చక్కగా వివరించారు. తర్వాత యాప్ కుర్రవాడు. యాప్‌లో తన ఐడీ ఒకసారి ఉన్నట్టుండి ఆగిపోయి ఆర్డర్లు రాలేదని, ఎందుకని అడగడానికి ఒక్క మనిషి కూడా దొరకలేదని చెప్పాడు. “ఫోన్ చేస్తే మిషన్ మాట్లాడతాది సార్. దాంతో ఏం కొట్లాడతాం,” అన్నాడు. ముసాయిదాలో ఆరో క్లాజు అందుకే ఉంది. ఎవరినైనా పనిలోంచి తీసేయాలంటే పద్నాలుగు రోజుల ముందు, కారణం రాసి నోటీసు ఇవ్వాలి.

మూడో సాక్షిగా అక్క కూర్చుంది. అధ్యక్షురాలు దుత్తలూరు అమ్మాయి, చీర కట్టుకుని వచ్చింది, చీర కంటే గొంతు గంభీరంగా ఉంది.

“గౌరవ సాక్షీ, మీరు కమిటీ ముందు వాస్తవాలే చెప్పాలి.”

“అట్నే చెప్తా అమ్మాయ్. అబద్ధం చెప్పేదానికి యాభై కిలోమీటర్లు బస్సులో రావాల్నా?”

జలదంకి నుంచి వచ్చే సభ్యుడొకడు పెన్ను తెరిచాడు. తరగతిలో అందరికంటే సూటిగా అడుగుతాడని మేడమ్ ముందే చెప్పారు.

“మీ దగ్గర యాప్ ఉందా?”

“లేదు నాయనా. నోరుండాది.”

“ఆర్డరు ఎవరికి ఇవ్వాలో ఏ పద్ధతిలో నిర్ణయిస్తారు? అంటే, మీ అల్గారిథం ఏమిటి?”

“అదేందో నాకు తెల్దు. మా కాడ ఒకటే లెక్క. అత్తగారిల్లు ఉండే పల్లెకి ఆ అల్లుణ్ణి పంపను. పోతే భోంచేసిగానీ రాడు. టిఫిన్ ఇచ్చేలోపల చద్ది అయిపోతాది.”

సభ్యులు నవ్వారు. అధ్యక్షురాలు బల్ల మీద తట్టింది, ఆమె కూడా నవ్వుతూనే.

“ఎవరినైనా పనిలోంచి తీసేశారా?”

“ఒకణ్ణి తీసేసినా. మూడుసార్లు.”

“కారణం రాతపూర్వకంగా ఇచ్చారా?”

“వాళ్ళమ్మకి చెప్పినాను. అంతకన్నా గట్టి కాగితం ఏం కావాల?”

ఇంతవరకు సరదాగానే సాగింది. తర్వాత ఆ అబ్బాయి రెండో క్లాజు చదివాడు. ఫోను ద్వారాగాని, యాప్ ద్వారాగాని, మరే సాధనం ద్వారాగాని సరుకు చేరవేసే ఏర్పాటు చేసే ప్రతి వ్యక్తీ ప్లాట్‌ఫామే. ప్లాట్‌ఫాం అయితే నమోదు కావాలి, ఫిర్యాదుల అధికారిని పెట్టాలి, మూడు నెలలకోసారి బోర్డుకు వివరాలు పంపాలి. నమోదు కాకుండా నడపకూడదు.

“ఈ క్లాజు ప్రకారం మీరు కూడా ప్లాట్‌ఫామే. దీనిపై మీ అభిప్రాయం?”

అక్క నవ్వడం మానేసింది. “చదివించుకున్నా. అందుకే వచ్చినా. ఆ ఫారాలు నింపే తెలివైనోడు నాకు దొరికితే వాడికి బండిచ్చి మందులు పంపుతా గానీ, ఫారాల కాడ కూర్చోబెడతానా? నన్నూ ఆ పెద్ద కంపెనీనీ ఒకే గాటన కట్టేస్తే రేపు నేను మూసుకోవాల. కొండ కింద ముసిలోళ్ళకి షుగరు మాత్రలు ఎవరు తీసకపోతారు, మీరు పోతారా?”

వెనక కూర్చున్న యాప్ కుర్రవాడు చెయ్యెత్తాడు. మళ్ళీ మాట్లాడడానికి అధ్యక్షురాలు అనుమతి ఇచ్చింది. “అక్కని వదిలేయండి మేడమ్, పర్లేదు. కానీ చిన్నోళ్ళకి అక్కర్లేదని రాస్తే, పెద్దోళ్ళు కూడా పది ముక్కలై చిన్నోళ్ళమే అంటారు. చూసుకోండి.”

జలదంకి అబ్బాయి తల ఊపి, అక్కను ఇంకొక్కటి అడిగాడు. “మీ మనిషి బండి మీదనుంచి పడితే ఏం చేస్తారు?”

“పోయిన వానల్లో ఒకడు పడినాడు. నేనే ఆటోలో ఏసుకోని ఈ ఆత్మకూరు ఆస్పత్రికి తెచ్చినా.”

“ఆ రోజు మీరు ఊళ్ళో లేకపోయి ఉంటే?”

అక్క సంచి సర్దుకుంది. “అది రాసుకో నాయనా,” అంది చివరికి. “ఆ ఒక్కటీ నా మీద రాసుకో.”

సాక్ష్యం ముగిసింది. అధ్యక్షురాలు పద్ధతి ప్రకారం అందరినీ బయటికి వెళ్ళమంది. లాయరు గారు కోర్టుకు, కుర్రవాడు మధ్యాహ్నం ఆర్డర్లకు వెళ్ళిపోయారు. మేడమ్ మార్కులు వేయాలి కాబట్టి ఒక మూల ఉండిపోయారు. తలుపు మూసుకుంది. వరండాలో అక్క, నేను మిగిలాం. మూసిన కమిటీ తలుపుల బయట కూర్చోవడం నాకు అలవాటైన పని. ఆమెకు కాదు. బెంచీ మీద కూర్చుంటుంది, లేస్తుంది, తలుపు దాకా పోయి వస్తుంది.

“మీరు ఉదయగిరి బస్సు చూసుకోవచ్చమ్మా. నివేదిక తర్వాత పంపిస్తారు,” అన్నాను.

“తేలందే యాడికి పోయేది సారూ? సోమవారం నించి రానక్కర్లేదేమో, బేరం ఉంటాదో లేదో అని మా వాళ్ళు ముగ్గురికీ చెప్పి వచ్చినా. ఒకడు అప్పుడే తిరుపతిలో పని చూసుకుంటా అంటున్నాడు. ఇది ఎప్పటి నించి అమల్లోకి వస్తాది?”

అప్పుడు అర్థమైంది. ఉత్తరం చదివి, నిజంగానే ప్రభుత్వం కమిటీని పంపిందనుకుంది. ఆత్మకూరు కళాశాలలో కమిటీ కూర్చోవడంలో వింతేమీ లేదు, నిజం కమిటీలు కూడా జిల్లాలకొచ్చి ఇలాంటి చోట్లే కూర్చుంటాయి. సభ్యులు మరీ కుర్రవాళ్ళుగా ఉన్నారే అనుకోలేదా అని తర్వాత అడిగితే, “ఇప్పుడందరూ కుర్రోళ్ళే కదా సారూ, బ్యాంకులో మేనేజరు కూడా అంతే ఉంటాడు,” అంది.

చెప్పక తప్పదు కాబట్టి చెప్పాను. ఇది పిల్లల పాఠమని, చట్టమేదీ రావడం లేదని, సోమవారం ఆమె బండ్లు ఎప్పటిలాగే తిరగొచ్చని.

“ఉత్తరంలో అట్టా లేదే?”

“రాయొద్దన్నది నేనే.”

ఆమె నన్ను తేరిపార చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే పడాల్సిందే. ముందు ఫోను తీసి ఎవరికో చేసింది. “రేయ్, తిరపతీ లేదు గిరపతీ లేదు, సోమవారం బండి కడిగి పెట్టుకో,” అని పెట్టేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“అయితే ఏంది, ఇంతసేపూ ఉత్తుత్తి కమిటీకి నేను నిజం చెప్పినానా?”

“అవునమ్మా.”

“నీకు తెలివి ఎక్కువైపోయిండాది సారూ,” అంది. అని నవ్వింది. నవ్వు ఆగాక బెంచీ మీద స్థిరంగా కూర్చుంది. పొద్దున్నుంచీ అలా కూర్చోవడం అదే మొదటిసారి.

నేను తలుపు తట్టి పిల్లలకు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. “ఇప్పుడు చెప్పబాక. చెప్తే జావగారిపోతారు. నేను నిజమనుకుంటేనే గదా వాళ్ళు అంత నిజంగా అడిగింది. కానీ, తేల్చనీ. నాకూ వినాలనే ఉండాది.”

లోపల గొంతులు పెరిగాయి, తగ్గాయి. భోజనం వేళ దాటింది. ఆమె సంచిలోంచి ఒక పొట్లం తీసి నాకు సగం పెట్టింది, పులిహోర. ఆ కోపం అంతటితో సరి అనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. దుత్తలూరు అమ్మాయి కాగితం పట్టుకుని నిలబడింది. చీర కుచ్చిళ్ళు జారుతున్నా పట్టించుకోవడం లేదు. రెండో క్లాజుకు సవరణ పెట్టారట, ఎనిమిది మంది చెరిసగం చీలారట, అధ్యక్షురాలి నిర్ణాయక ఓటుతో నెగ్గిందట. పదిమంది లోపు పనివాళ్ళతో, మరే కంపెనీలోనూ భాగం కాకుండా సొంతంగా నడిపేవారికి నమోదు, వివరాలు పంపడం అక్కర్లేదు. ప్రమాద బీమా, నోటీసు మాత్రం అందరికీ తప్పనిసరి. కంపెనీలు ముక్కలై తప్పించుకోకుండా ‘భాగం కాకుండా’ అన్న మాట పెట్టించింది జలదంకి అబ్బాయి.

అక్క శ్రద్ధగా విన్నది. “కాపీ ఒకటి ఇయ్యి అమ్మాయ్. సంతకం పెట్టి.”

“ఇది చట్టం కాదండీ,” అంది ఆ అమ్మాయి ఇబ్బందిగా, మేడమ్ వైపు చూస్తూ.

“తెలుసులే. నిజం కమిటీ వచ్చినప్పుడు వాళ్ళకి చూపించాల గదా, మీకంటే ముందే చిన్నపిల్లలు ఆలోచించి పెట్టినారు అని.”

తొమ్మిది మందీ సంతకాలు పెట్టారు. ఓటింగులో ఓడిన నలుగురు తమ అసమ్మతి పత్రం కూడా జత చేస్తామన్నారు. అది కూడా పద్ధతే. అక్క దాన్ని కూడా మడిచి సంచిలో పెట్టుకుంది.

నెల తర్వాత ఉదయగిరి వెళ్ళాల్సి వచ్చి, ఆమె కొట్టు దగ్గర ఆగాను. గోడకు ఆ నివేదిక, పక్కనే ముగ్గురి పేర్లతో ప్రమాద బీమా కాగితాలు, వాటి కింద చేత్తో రాసిన ఇంకో కాగితం. ‘కారణం: అత్తగారింట్లో భోజనం. ఈ రోజు నించి పద్నాలుగు రోజులు నోటీసు.’

“నాలుగోసారి తీసేశారా?” అన్నాను.

“తీసేసినా. వాళ్ళమ్మకి కూడా చదివి వినిపించినా,” అంది అక్క. “పద్నాలుగు రోజులు ఇంకా కాలేదు గదా, అందుకని పనిలోనే ఉండాడు. రేయ్, సారుకి టీ తీసకరా. దారిలో యాడా కూర్చోబాక.”