బరువు పక్కన చుక్కలు

కాటా మావయ్య అంటే రైతు సంఘం గోదాములో తెలియనివాళ్లు లేరు. ముప్పై ఏళ్లుగా బస్తాలు తూచి బరువు పైకి చదవడమే ఆయన పని. పక్కన బల్ల దగ్గర కూర్చుని పుస్తకంలో రాసేది ఆయన భార్య. ఆయనకు గొంతు ఎక్కువ, ఆవిడకు కబుర్లు ఎక్కువ. వచ్చిన ప్రతివాళ్లనీ ఎప్పుడు వేశారు, ఎలా మొలిచింది అని ఆరా తీసేది. బయట బండ్లు బారులు తీరుతుంటే ఈయన రుసరుసలాడేవాడు.

ఈ వేసవి మొదట్లో ఆవిడ కన్నుమూసింది. ఇప్పుడు పని చకచకా అయిపోతోంది. అలా అయిపోవడమే ఆయనకు నచ్చడం లేదు.

ఈమధ్య సంఘం వాళ్లు గత మూడేళ్ల తూకాలనూ కంప్యూటర్లోకి ఎక్కించమన్నారు. ఏ మడిలో ఏ కాలానికి ఎంత పండిందో తేలాలి. మూడేళ్లుగా వానాకాలం పంట లేని మడికి ఈసారి విత్తనాలు ఇవ్వరు. ఆ పని, ఇప్పుడు అత్తగారి చోట్లో బల్ల దగ్గర కూర్చుంటున్న కోడలు నెత్తినేసుకుంది. ఒక్కో తూకానికి ఒక్కో వరుస పెట్టింది: తేదీ, మడి నంబరు, పంట, కిలోలు. తేదీని బట్టి కాలం దానంతట అదే పడుతుంది, మడివారీగా మొత్తమూ అలాగే తేలుతుంది.

తేలింది. పదిహేడో మడికి వానాకాలం కింద మూడేళ్లూ సున్నా.

ఆ మడి నవ్వుల పెద్దమ్మది. ఒంటరి మనిషి, ఆ ఎకరమే ఆధారం. విత్తనాలు అందకపోతే నేల బీడే. ఆవిడ కందులు ఏటా మావయ్య తన చేత్తోనే తూచాడు.

"ఆవిడ కంది వేసేది తొలకరిలోనేనమ్మా. కోతకొచ్చేసరికి చలికాలం అవుతుంది."

కోడలు నాలుక కరుచుకుంది. తేదీ తూచిన రోజుది, లెక్కకు కావలసింది విత్తిన కాలం. కంది సంగతి సరే, పెసలు రెండు కాలాల్లోనూ వేస్తారు. అన్ని తూకాల్లో ఏది ఎప్పుడు విత్తిందో ఎవరిని అడగాలి? విత్తనాలు ఎవరికో తేల్చే సంఘం సమావేశం రేపే.

మావయ్య పుస్తకం తెరిచాడు. ప్రతి బరువు పక్కనా సన్నటి చుక్కలు. కోడలు వాటిని మరకలనుకుని వదిలేసింది. ఇన్నేళ్లూ ఆయనేమో, భార్య కలం రాస్తోందో లేదో చూసుకుంటోందనుకున్నాడు. ఇప్పుడు వేలు పెట్టి చూస్తే కందుల పక్కన ఎప్పుడూ ఒక్కటే. వానలు వెళ్లాక వేసే శనగల పక్కన ఎప్పుడూ రెండు. పెసలకు కొన్నిచోట్ల ఒకటి, కొన్నిచోట్ల రెండు.

"ఊసుపోక అడుగుతోందనుకున్నాను," అన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

కోడలు 'విత్తిన కాలం' అని కొత్త గడి చేర్చి, మొత్తాలు దాన్ని బట్టి, పంటకు పంట విడిగా తేలేలా మార్చింది. ఆయన చుక్కలు చదువుతుంటే ఆమె ఎక్కించింది. చివరి ఏడాదిలో పదిహేడో మడి కందులు మూడు తూకాలు: నూట యాభై, నూట నలభై రెండు, నూట ఇరవై. వానాకాలం కింద నాలుగు వందల పన్నెండు కిలోలు నిలబడ్డాయి. సమావేశంలో పెద్దమ్మకు విత్తనాలు ఖాయమయ్యాయి.

మర్నాడు మొదటి బస్తా కాటా ఎక్కింది. మావయ్య బరువు చదివి, ఎప్పుడు వేశారని అడిగాడు. బల్ల దగ్గరున్న కోడలు గడి నింపింది. బండ్లు బారులు తీరి ఉన్నాయి. అయినా ఆయన కదల్లేదు.

"ఎలా మొలిచింది?" అని అడిగాడు. దానికి ఏ గడీ లేదు.