గోడకెక్కిన ప్రసంగం

పుత్తూరులో పాత దుకాణాల బోర్డులు సగం కుప్పయ్య చేతి రాతే. పాతికేళ్ల వయసులో రేణిగుంటలో లారీల వెనకాల అక్షరాలు రాసేవాడు. అవి ఎంత అందంగా ఉండేవంటే, వెనక వచ్చే డ్రైవర్లు చదవడానికి మరీ దగ్గరికి వచ్చేస్తున్నారని ఒక లారీ యజమాని గొడవ పెట్టుకున్నాడు కూడా. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని పడిపోయే వేళకు, అదృష్టం బాగుండి, అతను బడిలో డ్రాయింగు మాస్టరుగా కుదురుకున్నాడు. ఇరవై నాలుగేళ్లుగా బడిలో ఏ సభ జరిగినా స్వాగతం బోర్డు అతనిదే. సభ మొదలుకాగానే మాత్రం తెర వెనక్కి తప్పుకునేవాడు. మైకు పట్టుకున్న పాపాన పోలేదు.

అలాంటివాడు బడిలో మొదటిసారి పిల్లల చిత్రప్రదర్శన పెడదామని నోరు జారాడు. హెడ్‌మిస్ట్రెస్ జ్ఞానాంబ వెంటనే ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఒక మేకు కూడా దిగ్గొట్టింది.

"ఇది మీ బుర్రలో పుట్టింది కాబట్టి ప్రారంభంలో మీరే మాట్లాడాల. అయిదు నిమిషాలు. తల్లిదండ్రులకు థ్యాంక్స్ చెప్పండి, పిల్లకాయలకు ధైర్యం చెప్పండి, దిగిపొండి."

"మేడమ్, నేను బోర్డు రాస్తాను..."

"బోర్డు ఎట్లాగూ రాస్తారు. మాట్లాడతారు కూడా."

ఆ రోజు నుంచి కుప్పయ్యకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచాడో గుర్తుండేది కాదు. మూడు రోజులు కష్టపడి ఒక ప్రసంగం రాసి, భార్య దేవకమ్మ ముందు నిలబడి చదివాడు. 'విచ్చేసిన పెద్దలకు, విజ్ఞులకు, కళాభిమానులకు' అనేసరికే ఆమె చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆపింది.

"ఇది ప్రసంగమా, పెండ్లి పత్రికా? వాళ్లు ఏం చేసినారని థ్యాంక్స్ చెప్తాండావో ఆ మాట చెప్పు. ఊరికే ధన్యవాదాలంటే ఎవురికి తగులుతుంది?"

మాట నిజమే. మరునాడు బొమ్మలిచ్చిన పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి, ఇంట్లో ఎవరు ఏం సాయం చేశారో అడిగాడు. లోహిత వాళ్లమ్మ పాత క్యాలెండర్ల వెనకవైపు గీసుకోమని ఏడాదిగా దాచిపెట్టిందట. ఒకడి తండ్రి రేణిగుంట గోడౌన్ నుంచి అట్టపెట్టెలు తెచ్చాడు. బొమ్మల వెనక అతికించిన అట్టలన్నీ అవే. ఒకమ్మాయి చాలాసేపు ఆలోచించి, "మాయమ్మ ఏమీ అనలేదు సార్. అదే సాయం" అంది. కుప్పయ్య అన్నీ రాసుకున్నాడు.

బొమ్మలు నలభై ఒకటి. ఇచ్చినవాళ్లలో ఇరవై తొమ్మిది మందికి ఇదే మొదటిసారి. గోడలకు మేకులు కొట్టొద్దని జ్ఞానాంబ ఆంక్ష పెట్టడంతో హాలు పొడుగునా పురికొస తాళ్లు కట్టించి, బట్టల క్లిప్పులతో తగిలించాడు. పెద్దల కంటి ఎత్తున కాదు, పిల్లల కంటి ఎత్తున. చూడాలనుకున్న పెద్దలు వంగుతారులే అన్నాడు. ఒక్కో బొమ్మ కింద చిన్న కార్డు: పేరు, తరగతి, దేనితో వేశారు, బొమ్మ పేరు. బహుమతులు మాత్రం వద్దని జ్ఞానాంబతో గట్టిగానే వాదించాడు. మొదటిసారి గోడెక్కిన బొమ్మకు ఫస్టూ సెకండూ ఏమిటని.

ముందురోజు మధ్యాహ్నం ఎనిమిదో తరగతి నిస్సీ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"సార్, నా బొమ్మ తీసేయండి."

కుప్పయ్య చేతిలోని పని పక్కన పెట్టాడు. ఆ నలభై ఒకటిలో అతనికి అన్నిటికన్నా ఇష్టమైనది అదే. నిస్సీ తండ్రి జోయల్ ఆటో నడుపుతాడు. ఎముకల కట్టుకోసం ఊరూరి నుంచి వచ్చేవాళ్లను స్టేషన్ నుంచి కట్టు కట్టే చోటుకు చేర్చడం అతని పని. నిస్సీ గీసింది ఆ ఆటోనే. వెనక సీట్లో జోయల్ నోరు తెరుచుకుని నిద్రపోతుంటాడు. కాళ్లు బయటికి, ఒక చెప్పు నేల మీద. మడమ పగుళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టొచ్చు. పక్కన చేతికి వెదురుబద్దల కట్టుతో ఒక ముసలాయన, లేపడానికి మొగమాటపడుతూ నిలబడి ఉంటాడు.

"యాలమ్మా తీసేయడం?"

"నాయన ఆటో స్టాండోళ్లను పిల్చుకొస్తాండాడు సార్. ఏం గీసినావంటే ఏర్పోర్టులో విమానం అని చెప్పినాను. ఆయన అందరికీ చెప్పేసినాడు. ఇప్పుడు నోరు తెరుచుకొని నిద్రపోయే బొమ్మ సూస్తే స్టాండులో తలెత్తుకోలేడు. నాతో మాట్లాడడు."

కుప్పయ్య బతిమాలాడు. ప్రారంభం దాకా ఉండనీ, ఆ తర్వాత కూడా తీసేయాలనిపిస్తే నీ చేత్తో నువ్వే తీసుకో, అడ్డం రాను అన్నాడు. ప్రసంగంలో ఆమె పేరుగానీ తండ్రి పేరుగానీ ఎత్తనని ఒట్టు పెట్టాడు. బొమ్మను మూడో వరసలోకి, స్తంభం చాటుకు మార్చాడు. నిస్సీ తల ఊపింది గానీ, ముఖం మాత్రం తేటపడలేదు.

ఇప్పుడు కుప్పయ్యకు రెండు బరువులయ్యాయి. కాగితం పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది, వణికితే అక్షరాలు కనబడవు. కంఠస్థం చేస్తే మధ్యలో జారిపోతుంది. పేరు ఎత్తకూడదని అనుకున్న కొద్దీ ఆ పేరే నాలుక చివరికి వస్తోంది. చివరకు అతనికి చేతనైన పనే చేశాడు. మూడు చార్టులు అతికించి, ప్రసంగమంతా పెద్దక్షరాలతో బోర్డులా రాశాడు. చెప్పాల్సిన మాటలు నలుపు రంగులో, తనకు తాను చెప్పుకునే జాగ్రత్తలు ఎరుపులో. దాన్ని హాలు వెనక గోడకు, తలుపు పైన తగిలించాడు. వచ్చేవాళ్లు దాని కిందుగా వచ్చి, దానికి వీపు పెట్టి కూర్చుంటారు. చూసేది వేదిక మీద ఉన్న తనొక్కడే. ఇంత తెలివి తనకెక్కడిదని కాస్త మురిసిపోయాడు కూడా.

శనివారం పది గంటలకు హాలు నిండింది. కుప్పయ్య అప్పటికి ఆరుసార్లు బొమ్మల దగ్గరికి వెళ్లి, సరిగ్గా ఉన్నవాటిని వంకర చేసి, మళ్లీ సరిచేసి వచ్చాడు. మూడుసార్లు నీళ్లు తాగాడు. నాలుగో వరసలో జోయల్ ఇస్త్రీ చొక్కాతో, ఇద్దరు స్టాండు మిత్రులతో కూర్చుని ఉన్నాడు. నిస్సీ స్తంభాన్ని ఆనుకుని గోళ్లు కొరుకుతోంది. దీపం వెలిగించారు. అతని పేరు పిలిచారు.

మొదలు బాగానే సాగింది. జనం తలల మీదుగా చూస్తూ గడగడా చదివాడు. క్యాలెండర్ల మాటకు లోహిత వాళ్లమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అయితే కుప్పయ్య చూపు ఒకేచోట నిలిచిపోయింది. ఆయన అంత కళ్లార్పకుండా ఏం చూస్తున్నాడా, బల్లి గానీ పడబోతోందా అని ముందువరస ముసలామె ఒకతె వెనక్కి తిరిగింది. ఆమెను చూసి పక్కామె. తర్వాత వరసకు వరస తిరిగింది.

బోర్డు కనబడితే చదవడం పిల్లల గుణం. పైగా రాసింది కుప్పయ్య. అక్షరాలు మెరుస్తున్నాయి.

"ఇప్పుడు అట్టపెట్టెలు వస్తాయి సూడు" అన్నాడు ఒకడు. అట్టపెట్టెలే వచ్చాయి. హాలంతా నవ్వు. తరగతిలో పాఠం చదివినట్టు పిల్లలు గుంపుగా అందుకున్నారు.

"చేతులు జేబులో పెట్టుకోకు!"

కుప్పయ్య చేతులు ఉలిక్కిపడి జేబుల్లోంచి బయటికొచ్చాయి. నవ్వులు పైకప్పు తాకాయి. ఆ ఊపులోనే పిల్లలు కింది ఎర్ర వాక్యాన్నీ చదివేశారు.

"జోయల్ వైపు చూడకు, పేరు ఎత్తకు. నిస్సీ భయపడుతోంది!"

చివరి మాట దగ్గర గొంతులు తగ్గి, ఆగిపోయాయి. నాలుగో వరసలో జోయల్ లేచాడు.

"యాలప్పా అయివారూ? సూడకూడనిది నా మొగంలో ఏముండాది? నా బిడ్డ దేనికి భయపడతాంది?"

కుప్పయ్య అలవాటుగా పైకి చూశాడు. గోడ మీద ఆ వాక్యం తర్వాత 'నీళ్లు తాగు' అని మాత్రమే ఉంది. తాగాడు. సగం చొక్కా మీద పడ్డాయి. ఇక గోడ వైపు చూడకుండా మాట్లాడాడు.

"తప్పు నాదప్పా. ఆ బిడ్డకు మాటిచ్చి, ఆ మాటనే గోడకెక్కించినాను. ముప్పై ఏండ్లు బోర్డులు రాసినోణ్ణి. ఏది రాసినా పదిమంది చదివేటట్టే వస్తాది, ఏం చేసేది? క్షమించమ్మా నిస్సీ."

అతను చేతులు ముందుకు చాపి చూపించాడు.

"ఇదో, సూడండి ఎట్లా వణుకుతాండాయో. నాకు యాభై రెండేండ్లు. అయిదు నిమిషాలు మీ ముందర నిలబడేదానికే నా గతి ఇది. ఈ పిల్లకాయలు సాయంత్రం దాకా తాడుకు వేలాడాల. బొమ్మ తగిలించినాక దాక్కునేదానికి చోటుండదు. మీరు నవ్వినా, మొగం తిప్పుకున్నా వాళ్లకు తెలిసిపోతాది. అందుకే పెద్దోళ్లకు ఒకటే మనవి. బొమ్మ కాడికి పోయి, ఇదేంది, ముక్కు ఇట్లుండాదే, అనొద్దండి. 'ఇది యాడ సూసినావు' అని అడగండి. అడిగి గమ్మునుండండి. వాళ్లే చెప్తారు."

స్తంభం వైపు తిరిగాడు.

"పిల్లకాయల్లారా, మీ బొమ్మ మీది. నాకు నచ్చిందనో, ఇంట్లో నచ్చదనో దాని విలువ మారదు. ఉంచేదీ తీసేదీ మీ ఇష్టం. ఉంచితే మాత్రం, ఎవురేమన్నా దాని పక్కనుంచి పోవద్దండి. అది ఒంటరిదైపోతాది. ఇంగొకటి. అట్టలు ఇచ్చినోళ్లకు, క్యాలెండర్లు ఇచ్చినోళ్లకు, ఏమీ అనకుండా ఊరుకున్నోళ్లకు థ్యాంక్స్ చెప్పినాను. ఏమీ ఇయ్యకుండా పిల్లల కంటికి ఊరికే కనబడినోళ్లు కొందరుండారు. పని చేస్తా, అలిసిపోతా ఉండినోళ్లు. వాళ్లకు చెప్పడం మరిచిపోయినాను. వాళ్లకూ థ్యాంక్స్."

దిగిపోయాడు. చప్పట్లు ఆలస్యంగా, ఒకచోట మొదలై ఇంకోచోట ఆగి, మళ్లీ మొదలయ్యాయి. బొమ్మల తాళ్ల ముందు కట్టిన రిబ్బను జ్ఞానాంబ కత్తిరించింది. కుప్పయ్య ముందే అనుకున్న పద్ధతి ప్రకారం పిల్లలు మొదట తాళ్ల దగ్గరికి వెళ్లి తమ తమ బొమ్మల పక్కన నిలబడ్డారు. తర్వాతే పెద్దలు.

కుప్పయ్య చార్టు పీకి చుట్టి చంకలో పెట్టుకుని, దొంగలా మూడో వరస పక్కకు చేరాడు. నిస్సీ చెయ్యి అప్పటికే క్లిప్పు మీద ఉంది. జోయల్ మిత్రులతో వచ్చి బొమ్మ ముందు వంగాడు.

"రేయ్, విమానం కాదురా! ఇది నువ్వే!" అని మునికుమార్ అనే డ్రైవరు విరగబడి నవ్వాడు. "మడమ సూడబ్బా, మన స్టేషన్ రోడ్డు మాదిరే ఉండాది!"

జోయల్ బొమ్మలోని చెప్పు మీద వేలు పెట్టాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. నిస్సీ క్లిప్పు నొక్కింది. బొమ్మ ఒక మూల జారింది.

"ఇది యాడ సూసినావు?" అని అడిగాడు జోయల్.

"కట్టు కట్టే కాడ. వేసవిలో. నీకు సద్ది తెచ్చినాను."

"లేపలేదే?"

"లేపితే మళ్లా సవారీకి పోతావు."

మునికుమార్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"నవ్వరా, నవ్వు. నీ మడమ ఎవురు గీస్తారు?" అని జోయల్ అతణ్ణి ఒక్క తోపు తోసి, పక్కన చేరినవాళ్లకు వివరించడం మొదలుపెట్టాడు. "ఇది నిజం నిద్ర కాదు, ఊరికే కండ్లు మూసుకొని..."

"నాయనా, నువ్వు గమ్మునుండు" అంది నిస్సీ. జారిన మూలను పైకి లాగి క్లిప్పు గట్టిగా బిగించింది. "నేను చెప్తా."