భుజం మీద చెయ్యి

దిల్‌సుఖ్‌నగర్‌లో మా స్టూడియోకి వచ్చేవాళ్ళలో చాలామందికి కావలసింది దిగిన ఫోటో కాదు, దిగని ఫోటో. నేను అక్కడ ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. లీడర్ల పుట్టినరోజు ఫ్లెక్సీలు కూడా నా నెత్తినే. పైన గుండ్రాల్లో పెద్దవాళ్ళ తలకాయలు, కింద దండం పెడుతూ వీళ్ళు. అవి అతికించినవని చూసే ప్రతివాడికీ తెలుసు, కాబట్టి నాకు పేచీ లేదు. ఒకరోజు ఒక లీడరు వెంట తిరిగేవాడు వచ్చి, "అక్కా, అన్న నా భుజం మీద చెయ్యేసినట్టు కొట్టు. ఒరిజినల్ లెక్క ఉండాలె" అన్నాడు.

"ఆయన ఎన్నడన్న నీ మీద చెయ్యేసిండా?" అన్నాను.

"ఎయ్యలే. అందుకే గద నీ దగ్గరికొచ్చిన."

"గుండ్రంల పెడత. చెయ్యి మాత్రం ఎయ్య, పో."

వాడు గొణుక్కుంటూ గుండ్రంతోనే సరిపెట్టుకున్నాడు. మా ఓనరుగారిది కృష్ణా జిల్లా, మెత్తని మనిషి. "గిరాకీని అలా కసురుకుంటే ఎలాగమ్మాయ్?" అన్నారు. కసురుకోక ముద్దు పెట్టుకోమంటారా? పక్కన పెడితే అది బొమ్మ, చెయ్యి వేస్తే అది సాక్ష్యం. ఆ ఫోటో చూపించి వాడు రేపు ఎవరికో ఉద్యోగం ఇప్పిస్తానంటే, నమ్మినవాడి ఉసురు నాకే తగులుతుంది.

అలాంటి నేనూ ఒక్కసారి చెయ్యి వేశాను. ఎల్‌బీ నగర్‌లో ఉండే ఒకమ్మ, నల్గొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం. పెద్ద కూతురి పెళ్ళి కుదిరాక, లగ్నానికి ముందే భర్త పోయాడు. పెళ్ళయ్యాక ఫోటో పట్టుకొచ్చి, "బిడ్డ ఎనక వాళ్ళ నాయనను నిలవెట్టమ్మా, భుజం మీద చెయ్యేసి దీవిస్తున్నట్టు" అంది. పోయినవాళ్ళను ఇంటివాళ్ళు అడిగితే చేరుస్తాం. అది ఎవరినీ మోసం చేయడానికి కాదు. ముఖం పాత ఫోటోలో దొరికింది, చెయ్యి దొరకలేదు. మండపంలో వెలుగు ఎటునుంచి పడిందో అటే లైటు పెట్టి మా ఓనరుగారి చెయ్యి ఫోటో తీశాను. వేళ్ళ కింద పట్టుచీర ముడత, ముడత పక్కన సన్నని నీడ వేశాను. ఆ నీడ లేకపోతే చెయ్యి గాలిలో తేలుతుంది, అది పడిందంటే ఎవరైనా నమ్ముతారు. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు దాచకుండా చెప్పాను.

"ఎవ్వలిదైతే ఏందమ్మా, ఆయనదే అనుకుంట" అంటూ ఆ వేళ్ళను నిమిరింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఫోటో కింద 'నాన్న జ్ఞాపకంగా చేర్చిన చిత్రం' అని చిన్న అక్షరాలతో వేసే ఇచ్చాను.

తరువాత కొంతకాలానికి ఆ ఫ్లెక్సీ వాడే మళ్ళీ వచ్చాడు. ఈసారి ఫోన్‌లో ఒక అమ్మాయి ఫోటో, ఎవరిదో వాట్సాప్ డీపీ. "అక్కా, మేమిద్దరం పక్కపక్కన కూసున్నట్టు, నా చెయ్యి ఆమె మీద ఉన్నట్టు చెయ్యి." చూద్దును కదా, ఆ అమ్మ చిన్న కూతురు. ఇంట్లో చదువు సాగదని ఇక్కడే హాస్టల్‌లో ఉండి ప్రభుత్వ ఉద్యోగ పరీక్షకు కోచింగ్ తీసుకుంటోంది. చెడామడా తిట్టి గెంటేశాను. అక్క పెళ్ళి ఫోటో కోసం తల్లితో వచ్చినప్పుడు ఇచ్చిన నంబరు ఉంటే, వెంటనే ఆ పిల్లకు ఫోన్ చేశాను.

"నా ఎంబడి పడ్తుండక్కా, వద్దన్న అని కోపం. ఇంట్ల మాత్రం చెప్పకు, నీ కాళ్ళు మొక్కుత. బావకు తెలిస్తే చదువు మాన్పిస్తడు" అంది. ఫీజు, హాస్టల్ అన్నీ ఆ బావే కడుతున్నాడు. ఆమె మాట కాదనలేక ఊరుకున్నాను.

నేను కాదంటే ఆగిందా? నేను రోజంతా కూర్చుని వేసే నీడను ఇప్పుడు ఫోన్‌లో ఏదో యాప్ క్షణంలో వేసేస్తుంది. వాడు చేసుకున్నాడు, పిల్ల తల్లికీ బావకీ తెలియని నంబరు నుంచి పంపాడు. తల్లి ఏడుస్తూ ఫోన్ చేస్తే మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్ పరుగెత్తాను.

పిల్ల మూలన ముడుచుకుని ఉంది. అల్లుడు కుర్చీలో కూర్చున్నాడు. చెడ్డవాడేమీ కాదు, పరువు పట్టింపు ఎక్కువ. ఫోటోను పెద్దది చేసి చూపించాను. "ఇటు చూడన్నా, వాని మీద వెలుగు ఎడమ దిక్కు, ఈమె మీద కుడి దిక్కు. గాజులు రెండు ఒక్కటైపోయినయి. చున్నీ కొస వాని అంగీలకు కరిగిపోయింది. ముఖం ఆమె డీపీ నుంచి తీసిండు, చెవి పక్కన ఈ వెంట్రుక రెండిట్ల ఒక్క తీరుగ లేదా?" నా దగ్గరికి వచ్చి అడిగింది వాడేనని, పోలీసుల దగ్గర సాక్ష్యం చెబుతానని కూడా అన్నాను.

"ఆ మెసేజ్ అట్లనే ఉంచున్రి. నంబరు పట్టుకొని పోలీసులు వాణ్ని దొరకబడ్తరు."

"ఇంక ఏడుంది? చూసినంక తీసేసిన, నంబరు సుత. అత్తమ్మ ఫోన్ల ఫోటో ఒక్కటే మిగిలింది. స్టేషన్‌కు పోతే బజార్ల పడ్తం మేడమ్" అన్నాడు. ఎవరూ చూడకూడదని సాక్ష్యం తుడిచేశాడు మహానుభావుడు! పంపినవాడి దగ్గర మాత్రం బొమ్మ భద్రంగా ఉంది.

"నేను పోత స్టేషన్‌కు" అంది పిల్ల. "వద్దు బిడ్డా, నీకు దండం పెడ్త" అని తల్లి అడ్డుపడింది.

అప్పుడు అల్లుడు గోడ వైపు చూపించాడు. పెళ్ళి ఫోటో. అందులో తనూ ఉన్నాడు. "మామయ్యను గంత మంచిగ నిలవెట్టింది మీరే గద. చూసినోళ్ళు నిజమే అనుకుంటున్రు. నిజమని చేసేది మీరే, అబద్ధమని చెప్పేది మీరే. దేన్ని నమ్మాలె?"

"కింద రాసి ఇచ్చిన గదన్నా..." అంటూ ఫ్రేము దగ్గరికి వెళ్ళాను. ఆ అక్షరాలు లేవు.

తల్లి తల వంచుకుంది. "వచ్చినోళ్ళందరు చదివి అడుగుతుంటే దుఃఖం ఆగకపోయేది. ఫ్రేము కట్టేటోనితోని ఆ కింది ముక్క కోపిచ్చిన."

ఊళ్ళో అందరితో తగాదాకు దిగే నేను, ఆ గోడ ముందు దద్దమ్మలా నిలబడ్డాను. బావ ఫీజు ఆపేశాడు, ఆ పిల్ల హాస్టల్ ఖాళీ చేసింది.

కొద్దిరోజులకు తల్లి ఆ ఫ్రేమును పాత చీరలో చుట్టి స్టూడియోకి తెచ్చింది. పరీక్ష దగ్గర పడుతోందట. "ఆయనను తీసెయ్యమ్మా. మా ఇంట్ల అబద్ధం ఫోటో లేదని తెలిస్తే, చిన్నదాని మాట అల్లుడు నమ్ముతడేమో. పొయినాయన ఎట్లనో పొయ్యిండు. ఉన్నదాని బతుకు నిలవడాలె" అంది.

తీసేందుకు ఏమీ లేదు. పెళ్ళినాడు కెమెరాలో పడ్డ అసలు ఫోటో నా దగ్గర అలాగే ఉంది. వధూవరులు, వాళ్ళ వెనక ఖాళీ. ఒక్క చుక్క కూడా ముట్టుకోకుండా ప్రింటు తీశాను. ఆమె ఫోటోలో కూతురి భుజాన్ని వేలితో ఒకసారి నిమిరి, పాత చీరలోనే చుట్టి తీసుకెళ్ళింది.

మర్నాడు ఫోన్ చేశాను. "అల్లుడేమన్నడమ్మా?"

"చేతుల పట్టుకొని మంచిగ చూసిండు బిడ్డా" అంది. "'మామయ్యను ఎంత సాఫ్‌గ మాయం చేసిందత్తమ్మా ఆ మేడమ్, జర్రంత సుత తెలుస్తలేదు' అన్నడు."