అనుభవమున్న కాంపౌండరు

నా తెలివితక్కువ పనుల్లో పెద్దపీట వేయాల్సింది దీనికే: కాంపౌండరు పని బట్టీ పడితే వస్తుందనుకున్నాను.

ఆళ్లగడ్డలో ఒక డాక్టరు 'మందులు కలపడంలో అనుభవమున్నవారే రావలెను' అని తలుపుకు కాగితం అంటించాడు. నేను నంద్యాలలో బడిలో ఆఖరిదైన పదకొండో తరగతి మంచి మార్కులతో పాసైనవాణ్ణి. ఉద్యోగం దొరక్కపోతే తొలకరికి ఎద్దుల వెంట నడవమని నాయన తేల్చేశాడు. ఎద్దులకూ నాకూ అప్పటికే మాటల్లేవు. మిక్స్చరంటే సీసాలో పోసిచ్చే మందని తెలియక, నంద్యాల హోటల్లో పొట్లం కట్టిచ్చే కారపు సరుకేనని నమ్మిన నేను, ఎవరిదో పాత వైద్య పుస్తకం తెచ్చుకుని, మందుచీటీల మీది లాటిన్ పొట్టి మాటలన్నీ మింగేశాను.

డాక్టరు అడగకముందే అప్పజెప్పాను. టి.డి.ఎస్. అంటే రోజుకు మూడుసార్లు, పి.సి. అంటే తిన్నాక. ఆయన ఓపికగా విని, దగ్గు మందున్న పెద్ద సీసా, ఒక ఖాళీ సీసా నా ముందు పెట్టాడు.

"ఆ బెంచీ మీది అవ్వకు మూడు దినాల మందు పోసియ్యప్పా."

బిరడా తీసి బల్ల మీద పెట్టి, జాగ్రత్తగానే వంచాను. మందు సగం సీసాలోకి, కొంత పెద్ద సీసాకు అంటించిన పేరు మీదికి కారింది. మందు పేరు కరిగి నల్లటి మరకైంది. అవ్వ సీసాను వెలుతురుకెత్తి చూసింది.

"పూటకెంత తాగల్లో గీతల్లేవు గదా నాయనా. సీసానే అడగల్లా?"

నా వెనక వంతు నంద్యాల ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసినాయనది. మెలితిప్పిన మీసం, వేలికి ఉంగరం, నా వైపు జాలి చూపు. డాక్టరు ఇచ్చిన ఇంకో పెద్ద సీసాను, పేరున్న వైపు అరచేతిలోకి వచ్చేలా పట్టుకున్నాడు. బిరడాను చిటికెన వేలితోనే లాగి, అక్కడే ఇరికించుకుని పోశాడు. కాగితం ముక్కను మడిచి, పూటకొక గాటు చొప్పున రంపపు పళ్లలా కత్తిరించి సీసాకు అంటించాడు. అదయ్యాక, డాక్టరు నోరు తెరవకముందే జీతమెంతని అడిగాడు.

డాక్టరు నన్ను వాకిలిదాకా సాగనంపాడు. "నీకు చదువు తక్కువై కాదప్పా. పేరు చెరిగిన సీసాలోంచి రేపు ఏం పోస్తావో నీకే తెలీదు. ఇది చేతికి రావల్ల, నోటికి గాదు."

నేను ఎద్దుల దగ్గరికి వెళ్లాను. అవి నన్ను ఏ అనుభవమూ అడగలేదు.

అయితే ఆ మీసాలాయన అనుభవం మందులు కలపడం దగ్గర ఆగలేదు. ఏ జ్వరానికి డాక్టరు ఏ మందు రాస్తున్నాడో రోజూ చూస్తూ, రెండేళ్లకు వీధికి అవతలి పక్క తానే ఆసుపత్రి తెరిచాడు. డాక్టరు బెంచీల మీది జనం సగం మంది వీధి దాటారు.

ఆ వానాకాలం నాకు దగ్గు పట్టుకుంది. బుద్ధున్నవాడైతే డాక్టరు దగ్గరికే పోయేవాడు. నేను వీధి దాటి, డాక్టరు వసారాలోకి సరిగ్గా కనిపించే చోటు చూసి కూర్చున్నాను. డాక్టరు బయటికి వచ్చి నన్ను చూసేదాకా ఆగాను. మీసాలాయన పోసిచ్చిన మందు పేగుల్ని మెలిపెట్టేంత చేదు. పాయసం తాగినట్టు తాగి, మూతి తుడుచుకుని, వీధి అవతలి డాక్టరుకు దండం పెట్టాను.