రికార్డులో డెబ్భై రెండు

జగదల్‌పూర్‌లో నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెబుతూ చాలా ఏళ్లు గడిపాను. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. ఆ ఏడాది మానసిక రుగ్మతల పేపర్లో తిండి జబ్బుల పాఠం వచ్చింది. "ఇది మొండితనం కాదు, ఫ్యాషనూ కాదు. ఒక్క కారణంతో రాదు. వంశంలో ఉండొచ్చు. ఏ పనిలోనూ తప్పు రాకూడదనే స్వభావం తోడవ్వొచ్చు. ఒంటి గురించి చుట్టుపక్కల వాళ్లు అనే మాటలు తోడవ్వొచ్చు. లావుగా ఉన్నవాళ్లకూ వస్తుంది, అబ్బాయిలకూ వస్తుంది" అని చెప్పి, ఊహించిన రోగి ఒకరి గురించి రాసుకురమ్మన్నాను.

ముందు బెంచీ అమ్మాయి అందరికంటే ముందు తెచ్చిచ్చింది. కిరండూల్ లైన్లో పనిచేసే రైల్వే వాళ్ల పిల్ల, సొంతూరు విజయనగరం వైపు. చదువులో ఫస్టు. మే నెల ఎండలో స్వెట్టర్ వేసుకుని తిరిగేది. "ఏమే, కశ్మీర్ నుంచి దిగావా?" అని నేనే ఎగతాళి చేశాను. తనూ నవ్వింది.

ఆ కాగితాలు చదువుతూ మధ్యలో ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాను. అందులోని రోగి తాను తినదు. పక్కవాళ్ల కంచాల్లో కొసరి కొసరి వడ్డిస్తుంది. వాళ్లు ముద్ద మింగినప్పుడల్లా తన గొంతూ కదులుతుంది. ఇవన్నీ నేను పాఠంలో చెప్పనే లేదు.

ఆ మధ్యాహ్నమే, హాస్టల్లో ఆ ముందు బెంచీ అమ్మాయి గదిలోనే ఉండే ఆవపల్లి అమ్మాయి స్టాఫ్ రూంకి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి నా పక్కకొచ్చింది.

"మేడం, దానికి ఏదో పట్టింది. మెస్‌ల మా ఎదురుంగ కూసుంటది. ఉపవాస ప్రార్థన అంటది, తినదు. మేం తింటాంటే కన్నార్పకుండ చూస్తది. మేం మింగితే దాని గొంతు గూడ కదుల్తది. దేవుడు పూనే సిరహాను పిలిపిద్దామని వార్డెన్ అంటున్నది."

"సిరహా సంగతి తర్వాత. ముందు మీ ప్రాక్టికల్ రికార్డు తే" అన్నాను.

ప్రాక్టికల్లో వారం వారం పిల్లలు ఇద్దరిద్దరుగా ఒకరి నాడి ఒకరు చూసి రాయాలి. ఆమె వరుసలో మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒకటే అంకె, పుస్తకంలో ఉండే డెబ్భై రెండు. రాసింది ఈ ఆవపల్లి పిల్లే.

"చూసే రాశావా?"

"అందరం గదే రాస్తం గద మేడం" అని తల దించుకుంది. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ చదువుకునే రోజుల్లో నేనూ అదే అంకె రాశాను, అదే పద్ధతిలో. అన్ని వారాల ఆ రికార్డు మీద సంతకం కూడా నాదే.

ముందు బెంచీ అమ్మాయిని ప్రాక్టికల్ గదికి పిలిచాను. కరెంటు పోయింది, ఫ్యాన్ ఆగింది. స్వెట్టర్ చెయ్యి పైకి లాగితే పసిపిల్లల ఒంటి మీద ఉండేలాంటి సన్నని నూగు కనబడింది. చెయ్యి బావినీళ్లలా చల్లగా ఉంది. నిమిషం నిండా లెక్కపెట్టాను. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంత సందంటే, ఇక తర్వాతిది రాదేమోనని ప్రతిసారీ అనిపించింది. నలభై ఒకటి.

"డెబ్భై రెండే కదా మేడమ్?" అంది నా మొహంలోకి చూసి నవ్వుతూ.

అమ్మో, ఆ నవ్వు! ఆటోలో కూర్చోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. గుండె పరీక్ష చేశారు, రక్తంలో పొటాషియం పడిపోయిందన్నారు, చేర్చుకున్నారు. "ఇంకొన్నాళ్లు ఆగితే గుండె ఆగేది. అలాగని ఇప్పుడు బలవంతంగా తిండి కుక్కినా ప్రమాదమే. రోజూ రక్తం చూసుకుంటూ మెల్లగా పెంచాలి" అన్నాడు డాక్టరు. మానసిక వైద్యురాలు కూడా వచ్చింది.

మర్నాడు రైలు దిగి వాళ్లమ్మ వచ్చింది. మంచం దగ్గర నిలబడి కూతురిని చూసి, నన్ను వరండాలోకి లాగింది.

"మా సెల్లి కూడా ఇదే ఈడులో ఇలగే అయిపోనాది మేడమ్. తిండి మానీసింది. గాలి సోకిందనుకున్నాం. ఆకరికి సచ్చిపోనాది. దీన్ని సూసినోళ్లందరూ అచ్చం పిన్నే అంతారు. ఇది కూడా పోతాదా?"

వంశంలో ఉంటే ముప్పు పెరుగుతుందే తప్ప అది నుదుటి రాత కాదని చెప్పాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు.

నాలుగో రోజు ఆమె గిన్నెలో సగం జావ తాగింది. గండం గట్టెక్కుతున్నట్టే ఉందని డాక్టరు అన్నాడు. పట్టలేని సంతోషంతో పక్కన కూర్చుని, "ఎప్పటి నుంచే ఇదంతా? ఎవరేమన్నారు?" అన్నాను.

"ఇక్కడ చేరకముందు నుంచే తిండంటే భయంగా ఉండేది మేడమ్. చేరిన వారం మీరు నన్ను నిలబెట్టి, నర్సంటే ఇలా సన్నగా చురుగ్గా ఉండాలి అన్నారు. ఆ మాట పోగొట్టుకోకూడదనుకున్నా."

ఆ మాట అన్నట్టు నాకు గుర్తే లేదు. ఆమె మాత్రం ఆ రోజు నేను ఏ చీర కట్టుకున్నానో కూడా చెప్పింది.