బాయిలర్ ఆయుష్షు, గోడౌన్ రంగు

రాయచూరు జిల్లాలో, బాళగనూరు దారిలో ఉన్న ఒక రైస్ మిల్లుకు ఏటా ఆడిట్‌కి వెళ్లేదాన్ని. యజమాని పెద్దాయన చిన్నప్పుడే తండ్రితో కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాడు. ఈ సంగతి జరిగిన ఏడే మిల్లు పెత్తనం కొడుక్కిచ్చి, తాను డైరెక్టరుగా సంతకాలకు మిగిలాడు. లెక్కలు రాసే అకౌంటెంటుది రాయచూరు పక్క పల్లె, నోట్లో నాలుక లేని ముసలి మనిషి. భార్యకు కిడ్నీ జబ్బు. ఆమె మందులన్నీ ఆ జీతం మీదే నడిచేవి.

పేచీ బాయిలర్ దగ్గర వచ్చింది. కొన్నప్పుడు తయారీదారు కాగితాలు చూసి పదిహేనేళ్లు పనిచేస్తుందని అంచనా కట్టి, దాని ప్రకారం ఏటా కొంత విలువను తరుగుదల కింద ఖర్చు రాస్తూ వచ్చారు. ఉప్పునీటికి గొట్టాలు తినేశాయని, ఇంకో మూడేళ్లకు మించి రాదని ఇంజనీరు ఆ ఏడు తేల్చాడు. అంటే మిగిలిన విలువంతా ఆ మూడేళ్లలోనే ఖర్చు రాయాలి. కొడుకు గద్దెనెక్కిన మొదటి ఏడే లాభం సగానికి పడిపోయింది.

లెక్కల విధానం మార్చామని రాసేస్తే భారం పాత ఏళ్ల మీదికి పోతుంది కదా అని కొడుకు మొదలుపెట్టాడు. ధాన్యం నిల్వకు సరాసరి ధర కట్టాలా, ముందు కొన్నది ముందు పోయిందనుకోవాలా అన్నది విధానం. బాయిలర్ ఎన్నాళ్లు బతుకుతుందన్నది అంచనా అని చెప్పాను. అది కుదరదని తేలాక, అసలు పదిహేనేళ్లని కట్టడమే పాత తప్పు అన్నాడు. పాత ఏళ్ల తప్పయితే ఈ ఏటి లెక్కలోనే విడిగా ఒక వరుసలో చూపిస్తారు; బ్యాంకువాళ్లకు తన లాభం మచ్చ లేకుండా కనపడుతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ముసలి అకౌంటెంటు తప్పు ఒప్పుకుంటున్నట్టు ఒక ఉత్తరం కూడా టైపు చేయించి పెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. “తప్పు అంటే అప్పట్లో కాగితం చేతిలో ఉండి కూడా తప్పుగా రాయడం. అప్పుడు తెలియనిది ఇప్పుడు తెలిస్తే అంచనా మారినట్టు, అంతే. దాని భారం ఈ ఏడూ, రాబోయే ఏళ్లూ మొయ్యాలి” అన్నాను. మా సీనియర్ ఆడిటర్ కూడా అదే మాట మీద నిలబడ్డాడు. ముసలాయన గేటు దాకా వచ్చి చేతులు జోడించాడు. గెలిచాననుకుంటూ రాయచూరు బస్సెక్కాను.

కొడుకు నా మాటను బాగా పట్టుకున్నాడు. ఇద్దరు గుమాస్తాలను పాత ఫైళ్ల మీద కూర్చోబెట్టి, వారం తిరక్కుండా నన్ను మళ్లీ పిలిపించాడు. బల్ల మీద ఒక బిల్లు ఉంది. ఎన్నడో గోడౌన్ గోడలకు రంగు వేసిన కూలి. ఆ ఏటి ఖర్చులో రాయాల్సింది, భవనం విలువలో కలిపేశారు.

“కాగితం చేతిలోనే ఉంది కదండీ మేడమ్. మరి ఇది తప్పేనా?” అన్నాడు నవ్వుతూ.

తప్పే. అదే అన్నాను.

పెద్దాయన పక్క కుర్చీలో వక్క నములుతూ కూర్చున్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ ముసలాయన అతనివైపు తిరిగాడు. “సావుకార్, లోన్ టైముల లాభం తక్కువ పడ్తున్నదని మీరే గిట్ల రాయమన్నరు గదా.”

“నాకు గుర్తులేదయ్యా” అన్నాడు పెద్దాయన.

ఎప్పటిదో వరదలో ఎన్ని బస్తాలు తడిశాయో, ఏ వ్యాపారి ఎంతకు అడిగాడో ఆ పొద్దున్నే నాకు పూసగుచ్చినట్టు చెప్పిన మనిషి.

సవరణ రాయాల్సింది కూడా ముసలాయనే అన్నాడు కొడుకు. ఇన్నేళ్ల తరుగు పోగా మిగిలిన మొత్తాన్ని భవనంలోంచి తీసి, పాత సంవత్సరాల తప్పు కింద వేయించాడు. అది బాయిలర్ దెబ్బ ముందు చిల్లర. మూడేళ్ల తరుగు అలాగే ఉండిపోయింది. అయినా మిల్లు లాభం ఎందుకు పడిందని అడిగినవాళ్లందరికీ, మా పాత అకౌంటెంటు చేసిన తప్పులండీ అని చెప్పసాగాడు. కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలి. ఆ సాయంత్రమే ముసలాయన్ని పని మాన్పించాడు. ఆ నెల జీతం అడిగితే లెక్క చూడాలన్నాడు.

ఆ రంగు కూలిని భవనంలో ఎవరు రాయించారో నివేదికలో ఎక్కడైనా రాయగలమా అని మా సీనియర్‌ని అడిగాను. రుజువేదన్నాడు. మా ప్రమాణాల ప్రకారం తప్పు ఎలాంటిదో, ఎంత మొత్తమో చెబితే చాలు. ఆ రెండు ముక్కలూ నేనే రాశాను.

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని ఆ పుట చదివాడు. ఎక్కడ సంతకం పెట్టాలమ్మా అని అడిగాడు. వేలితో చూపించాను.